జాబితాలో వరస, పోలికలో జోడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రెస్సుల్లో అచ్చయ్యే కరపత్రాలు, ఫ్లెక్సీలు, బడి సావనీర్లు, సంఘాల వార్షిక నివేదికలు దిద్దే పని నాది. అచ్చుతప్పు చూపిస్తే ఎవరూ పేచీ పెట్టరు. వాక్యం కింద గీత గీసి "ఇది కుదరలేదండీ" అంటే మాత్రం, "ఇందులో తప్పేముంది సార్?" అని కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆ కూర్చున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలే ఇవి.

వ్యాకరణం సరిగ్గానే ఉంది, అర్థమూ తెలుస్తోంది. మరి వాక్యం ఎబ్బెట్టుగా ఎందుకుంటుంది?

ఒక వైద్యశిబిరం కరపత్రంలోని వాక్యం చూడండి.

"శిబిరంలో రక్తపరీక్షలు, కళ్లజోళ్ల పంపిణీ, మందులు ఉచితంగా ఇస్తాం."

ఏ మాటకు ఆ మాట బాగానే ఉంది. చివర ఉన్న "ఇస్తాం" దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. మందులు ఇస్తాం, సరే. రక్తపరీక్షలు ఇస్తాం అని ఎవరూ అనరు, చేస్తాం అంటారు. పంపిణీ ఇస్తాం అనేది అసలు తెలుగే కాదు. మూడు మాటలకు ఒకే క్రియ తగిలించాం, అది ఒక్కదానికే అతికింది. చదివేవాడికి విషయం అందకుండా పోదు. కానీ చదువుతున్నవాడు ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లి, మనసులోనే సర్దుకుని ముందుకు వస్తాడు. ఎబ్బెట్టుగా ఉందని అతను చెప్పేది ఆ ఆగడాన్నే.

ఒకే పని కోసం పక్కపక్కన నిలబెట్టిన మాటలన్నీ ఒకే రూపంలో ఉండడాన్ని సమాంతరత అంటారు. వస్తువు పేరు పక్కన వస్తువు పేరు, "చేయడం" పక్కన "ఇవ్వడం", "చేస్తాం" పక్కన "ఇస్తాం". మా ప్రెస్సుల్లో ఆ మాట వాడం, "వరస కుదిరింది", "కుదరలేదు" అంటాం. పై వాక్యాన్ని రెండు విధాల సరిచేయవచ్చు. ఏ పనికి ఆ క్రియ ఇవ్వడం ఒకటి: "రక్తపరీక్షలు చేస్తాం, కళ్లజోళ్లు, మందులు ఇస్తాం. అన్నీ ఉచితమే." క్రియను తీసేయడం రెండోది: "రక్తపరీక్షలు, కళ్లజోళ్లు, మందులు అన్నీ ఉచితం." ఫ్లెక్సీ మీదికి రెండోదే బాగుంటుంది. దూరం నుంచి చదివేవాడికి క్రియ కోసం వెతుక్కునే ఓపిక ఉండదు.

రాసినవాళ్లకు ఇది ఎందుకు కనబడదు?

తెలుగులో క్రియ చివర వస్తుంది. విభక్తి కూడా మాట చివరే వస్తుంది. రాసేవాడు జాబితా మొదలుపెట్టినప్పుడు తోక ఇంకా రాయలేదు. పెట్టెలన్నీ ముందు వరసగా నిలబెట్టి, ఆఖరున ఇంజను తెచ్చి తగిలించినట్టు ఉంటుంది పని. ఇంజను దగ్గరి పెట్టెకు కొక్కెం పడితే చాలు, రైలు సిద్ధమైందనుకుంటాడు. చివరి మాటకూ క్రియకూ పొత్తు కుదిరింది కాబట్టి చెవికి బాగానే వినిపిస్తుంది. ముందున్న రెండు మాటలను ఆ క్రియతో కలిపి అతను ఎప్పుడూ పలికి చూడలేదు.

పట్టుకునే పద్ధతి కూడా అక్కడే ఉంది. జాబితాలోని ఒక్కొక్క మాటనూ విడిగా తీసి, తోకతో కలిపి పైకి చదవండి. "శిబిరంలో రక్తపరీక్షలు ఇస్తాం." "శిబిరంలో పంపిణీ ఇస్తాం." ఏది నాలుక మీద ఆగిందో అదే వరస తప్పిన మాట. మనసులో చదివితే ఇది పట్టుబడదు. కన్ను చివరి జతనే చూసి సంతృప్తి పడిపోతుంది.

"లో", "కు" లాంటివి జాబితాలో ప్రతి మాటకూ పెట్టాలా, ఆఖరిదానికి పెడితే చాలా?

రెండూ తెలుగే. "పాలకొండలో, రాజాంలో, చీపురుపల్లిలో శిక్షణ ఉంటుంది" అని ప్రతిదానికీ పెట్టవచ్చు. "పాలకొండ, రాజాం, చీపురుపల్లిలలో శిక్షణ ఉంటుంది" అని అన్నింటినీ కలిపి చివర ఒక్కసారి పెట్టవచ్చు. మొదటిది ఒక్కో ఊరినీ విడిగా నిలబెడుతుంది, రెండోది మూడూళ్లనూ ఒక మూటగా చూపిస్తుంది. "పాలకొండలో, రాజాం, చీపురుపల్లిలో" అని రాయడమే చిక్కు. మొదటి ఊరికి విభక్తి ఇచ్చారు కాబట్టి రెండో ఊరికీ వస్తుందని చదివేవాడు ఎదురుచూస్తాడు. అది రాలేదు. పాలకొండలో అయిన పని వేరే, రాజాం సంగతి వేరే ఏమో అనే అనుమానం వస్తుంది.

విభక్తిని చివర ఒక్కసారే పెట్టే పద్ధతికి ఒక హద్దు ఉంది. విభక్తి తగిలేటప్పుడు రూపం మారే మాటలు జాబితాలో ఉంటే అది బాగుండదు. "ఇల్లు, పొలం, బావికి పన్ను కట్టాం" అని చదవండి. బావికి అనేది సరే. ఇల్లుకు అనం, ఇంటికి అంటాం. పొలంకు అనం, పొలానికి అంటాం. చివరి "కి" వెనక్కి పాకి "ఇల్లు"ను పట్టుకోవాలంటే ఆ మాట రూపమే మారాలి, కాబట్టి పట్టుకోలేదు. అక్కడ "ఇంటికి, పొలానికి, బావికి పన్ను కట్టాం" అనే రాయాలి. ఊళ్ల పేర్లతో, మనుషుల పేర్లతో ఈ బాధ తక్కువ. ఇల్లు, కాలు, నోరు, ఊరు, పొలం, గుర్రం లాంటివి వరసలో కనబడితే మాత్రం పెన్ను ఆపి చూసుకోవాలి.

క్రమంగా చేసే పనుల జాబితాలో ఏ రూపం వాడాలి? మా బోర్డు ఒకసారి దిద్ది చూపిస్తారా?

ఎక్కువమంది తెచ్చేది ఇలాంటివే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుందో చెప్పే బోర్డు అనుకోండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం పేరున్న పద్ధతి. ఆ దవడలోని సన్నటి పళ్ల వరసే దువ్వెనగా పనికొస్తుంది. బోర్డు చిత్తుప్రతి ఇలా వచ్చిందనుకుందాం.

1. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు
2. గింజలు వేరుచేయడం
3. దూదిని ఏకి మెత్తగా చేసి
4. ఏకుల తయారీ
5. రాట్నం మీద నూలు వడకాలి
6. మగ్గం

ఆరు మెట్లు, ఆరు రూపాలు. ఒకటోది పూర్తి వాక్యం. రెండోది పని పేరు. మూడోది ముగియని వాక్యం, "చేసి" అన్నాక ఇంకేదో రావాలి. నాలుగోది వట్టి నామవాచకం. ఐదోది ఎవరికో ఆదేశం. ఆరోది ఒక పనిముట్టు పేరు, దానితో ఏం చేస్తారో చెప్పలేదు. మూడోదాన్ని పక్కనపెడితే దేన్నీ తప్పనలేం. అయినా పై నుంచి కిందికి చదువుతుంటే మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

దిద్దేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ బోర్డు చదివేది ఎవరు? చూడ్డానికి వచ్చినవాళ్లయితే అక్కడివాళ్లు ఏం చేస్తారో చెప్పాలి, కాబట్టి "దువ్వుతారు, తీస్తారు, వడుకుతారు" రూపం. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లయితే "దువ్వాలి, తీయాలి, వడకాలి". ఒక్కో మెట్టుకూ పక్కన ఫొటో ఉండి, దాని కింద పేరు మాత్రమే కావాలంటే "దువ్వడం, గింజ తీయడం, వడకడం". మూడింటిలో ఏదైనా సరే. ఒకటి ఎంచుకున్నాక ఆరింటికీ అదే ఉండాలి. సందర్శకుల కోసమని తేల్చుకుంటే బోర్డు ఇలా మారుతుంది.

1. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు
2. గింజలను వేరుచేస్తారు
3. దూదిని మెత్తగా ఏకుతారు
4. ఏకిన దూదిని ఏకులుగా చుడతారు
5. ఏకులను రాట్నం మీద నూలుగా వడుకుతారు
6. నూలును మగ్గం మీద బట్టగా నేస్తారు

క్రియలు కుదిర్చే క్రమంలో ఇంకొకటి కూడా కుదిరింది. ప్రతి మెట్టూ కిందటి మెట్టులో వచ్చినదాన్ని చేతిలోకి తీసుకుంటోంది: దూది, ఏకులు, నూలు, బట్ట. చిత్తుప్రతిలో "మగ్గం" అనే ఒక్క మాట దగ్గర ఆ గొలుసు తెగింది. రూపం సరిచేయబోతే దాని వెనక దాగిన విషయలోపం బయటపడడం ఇలాంటి జాబితాల్లో మామూలే. "మగ్గం"ను "నేస్తారు"గా మార్చాలంటే, దేన్ని నేస్తారో చెప్పక తప్పదు.

ఇక్కడ జారే చోటు ఒకటి ఉంది. రెండో మెట్టును "గింజలు వేరవుతాయి" అని రాయాలనిపిస్తుంది. తప్పు కాదు. కానీ మిగతా ఐదింటిలో చేసేది మనిషి, ఇందులో గింజలే వాటంతట అవి విడిపోతున్నాయి. ఫలితం కూడా చెప్పాలనుకుంటే దాన్ని అదే మెట్టులో లోపలికి తీసుకోండి: "గింజలు వేరయ్యేలా పత్తిని ఒత్తుతారు." చివరి క్రియ మనిషిదే అయి వరస నిలబడుతుంది.

గుడి దగ్గర, ఆఫీసు దగ్గర పెట్టే సూచనల బోర్డులకు కూడా ఇదేనా?

ఇదే. ఇంకొక గొడవ కూడా తోడవుతుంది. "చెప్పులు బయట వదలవలెను. ఫోన్లు ఆఫ్ చేయండి. ఫొటోలు తీయరాదు. క్యూలో రావాలి. నిశ్శబ్దం." ఇందులో రూపాలతో పాటు కాలాలు కూడా కలిసిపోయాయి. "వదలవలెను" పాత పుస్తకంలోంచి వచ్చింది, "చేయండి" వీధిలోంచి వచ్చింది. వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో ఇంకా ఈ "వలెను" బోర్డుల మీద బతికే ఉందని నాకు అప్పుడప్పుడు నవ్వొస్తుంది. మొత్తం "వలెను"లోనే రాస్తే అదొక తీరు, నాకు నచ్చకపోయినా వరస ఉంటుంది. "అండి"తో మొదలెడితే చివరిదాకా "అండి"తోనే వెళ్లండి: "చెప్పులు బయట వదలండి. ఫోన్లు ఆఫ్ చేయండి. ఫొటోలు తీయకండి. క్యూలో రండి. నిశ్శబ్దంగా ఉండండి." చెయ్యమనేదానికీ వద్దనేదానికీ తేడా ఉండక తప్పదు, అది వరస తప్పినట్టు కాదు.

"కంటే" వాడినప్పుడు పోలిక ఎక్కడ చెడుతుంది?

పోలికలో ఉండేవి రెండే వైపులు కాబట్టి అందులో తప్పు దొర్లదనుకుంటారు. నిజానికి జాబితాలో కంటే పోలికలోనే ఎక్కువ జారతాం. "కంటే" తన ముందున్నదాన్ని సగం మింగేస్తుంది.

"పలాసలో జీడిపప్పు ధర బయటి ఊళ్ల కంటే తక్కువ." మనం ధరను ఊళ్లతో పోల్చాం. మాట్లాడేటప్పుడు ఇది సాగిపోతుంది, ఎదుటివాడు సర్దుకుంటాడు. కాగితం మీద "బయటి ఊళ్ల ధర కంటే" అని పొడిగిస్తే సరిపోతుంది గానీ "ధర" రెండుసార్లు వచ్చి బరువెక్కుతుంది. తెలుగులో దీనికి సులువైన దారి ఉంది. "కంటే" ముందు విభక్తిని అలాగే ఉంచడం: "బయటి ఊళ్లలో కంటే పలాసలో జీడిపప్పు ధర తక్కువ." ఊళ్లలో, పలాసలో: రెండు వైపులా "లో" ఉంది. దేన్ని దేనితో పోలుస్తున్నామో ఇక అనుమానం లేదు.

ప్రయాణాల విషయం కూడా ఇంతే. "విజయనగరం నుంచి విశాఖకు బస్సులో వెళ్లడం కంటే రైలు నయం." ఒకవైపు వెళ్లడం, ఇంకోవైపు రైలు. సరిచేయమంటే చాలామంది "బస్సులో వెళ్లడం కంటే రైలులో వెళ్లడం నయం" అని పొడవు పెంచుతారు. అలా రాయవచ్చు. నేనైతే రెండువైపులా కోసేస్తాను: "బస్సు కంటే రైలు నయం." వరస కుదర్చడమంటే చిన్నవైపును సాగదీయడమని ఒక భ్రమ ఉంది. పెద్దవైపును కుదించినా వరస కుదురుతుంది, చాలాసార్లు అదే మేలు.

అర్థమే మారిపోయే సందర్భాలు ఉంటాయా?

ఉంటాయి. అక్కడ ఇది అందం గురించిన చర్చగా మిగలదు. "అన్నయ్య కంటే నాకు వదినంటే ఎక్కువ ఇష్టం." ఇద్దరిలో వదినే నాకు ఎక్కువ ఇష్టమా? లేక వదినను అన్నయ్య ఇష్టపడేదానికంటే నేను ఎక్కువ ఇష్టపడతానా? "అన్నయ్య" అనే మాటకు ఏ విభక్తీ లేదు కాబట్టి అది "నాకు" పక్కన నిలబడాలో, "వదిన" పక్కన నిలబడాలో వాక్యం చెప్పడం లేదు. మొదటి అర్థం కావాలంటే "నాకు అన్నయ్య మీద కంటే వదిన మీద ఎక్కువ ఇష్టం" అనండి. రెండోది కావాలంటే "వదిన మీద అన్నయ్యకున్న ఇష్టం కంటే నాకున్న ఇష్టం ఎక్కువ." ఇంట్లో ఏది పైకి అనాలో అది మీ ఇష్టం.

సంఘాల నివేదికల్లో ఇదే తగువు ఉత్తరాల లెక్క దగ్గర వస్తుంది. "ఈ ఏడాది సభ్యుల కంటే దాతలకు ఎక్కువ ఉత్తరాలు రాశాం." సభ్యులు రాసిన ఉత్తరాల కంటేనా, సభ్యులకు రాసిన ఉత్తరాల కంటేనా? "సభ్యులకు కంటే దాతలకు" అని ఒక్క "కు" చేరిస్తే జోడీ కుదిరి, చందా కట్టిన సభ్యుడు మీటింగులో లేచి నిలబడే అవసరం తప్పుతుంది.

"మాత్రమే కాక... కూడా" వాడితే ఎందుకో వంకరగా వస్తుంది. ఎందుకు?

"మాత్రమే", "కాక", "కూడా" ఏ మాటను పట్టుకుంటే దానికే ఊనిక ఇస్తాయి. రెండువైపులా ఒకే రకం మాటను పట్టుకోవాలి. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల గురించి ఒకరు ఇలా రాశారనుకోండి: "అక్కడ గాత్రం నేర్పడమే కాక వీణ, వయొలిన్ కూడా ఉన్నాయి." ఊనిక మొదటివైపు "నేర్పడం" మీద పడింది, రెండోవైపు వాద్యాల మీద పడింది. వీణ, వయొలిన్ గదిలో ఉన్నాయా, వాటిని నేర్పుతారా? "గాత్రమే కాక వీణ, వయొలిన్ కూడా నేర్పుతారు" అంటే క్రియ ఒక్కటే చివర నిలిచి మూడింటినీ పట్టుకుంటుంది.

"అటు... ఇటు", "ఒకవైపు... మరోవైపు"లకు కూడా ఇదే లెక్క.

పేర్లకు దీర్ఘం ఇచ్చి కలిపినప్పుడు? "మరియు" పెడితే సరిపోతుందా?

"అన్నా, వదినా, పిల్లలూ వచ్చారు" అనవచ్చు. "అన్న, వదిన, పిల్లలు వచ్చారు" అనవచ్చు. "అన్నా, వదిన, పిల్లలూ" అంటే వదిన ఒక్కరే వరసలోంచి తప్పుకున్నట్టు ఉంటుంది. "మరియు" విషయానికొస్తే, అది వరస తప్పిన మాటను సరిచేయదు. రెండు వేర్వేరు రూపాల మధ్య అది పెడితే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

రూపాలన్నీ ఒకటే, అయినా జాబితా కుదరలేదు. అదెలా?

"శ్రీకాకుళం దగ్గర చూడవలసినవి: అరసవల్లి, శ్రీకూర్మం, ఆలయాలు, కళింగపట్నం, సముద్రతీరాలు." అన్నీ నామవాచకాలే, రూపంలో లోటు లేదు. కానీ అరసవల్లి, శ్రీకూర్మం చెప్పాక మళ్లీ "ఆలయాలు" అంటే అవి వేరే ఆలయాలా? కళింగపట్నం సముద్రతీరం కాదా? ఒక ఊరి పేరు, దాన్ని కలుపుకునే కుటుంబం పేరు పక్కపక్కన వచ్చాయి. ఇక్కడ విభక్తులు సరిచూసి లాభం లేదు. ఊళ్ల పేర్లే రాయండి, లేదా "ఆలయాల్లో అరసవల్లి, శ్రీకూర్మం, తీరాల్లో కళింగపట్నం" అని రెండు అరల్లో పెట్టండి.

కావాలనే వరస తప్పించవచ్చా?

తప్పించవచ్చు. ముందు వరస గట్టిగా కుదిరి ఉండాలంతే. మన సామెతలు ఈ కుదురు మీదే నడుస్తాయి. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అనేదాన్ని "పిల్లికి చెలగాటం, ఎలుక ప్రాణం సంకటంలో పడుతుంది" అని చదివితే విషయం మిగులుతుంది, సామెత పోతుంది. రెండు మాటల పక్కన రెండు మాటలు, "కి" పక్కన "కు", రెండువైపులా క్రియ లేకపోవడం: దాని పదునంతా అందులోనే ఉంది.

చెవికి ఆ అలవాటు ఉంది కాబట్టే విరుపు పనిచేస్తుంది. వార్డు సమస్యల మీద రాసిన ఒక అర్జీలో ఇలాంటి వాక్యం నేను దిద్దకుండా వదిలేస్తాను: "మా వీధికి రోడ్డు వచ్చింది, దీపం వచ్చింది, కుళాయి వచ్చింది, నీళ్లు ఇంకా బయల్దేరలేదు." మూడుసార్లు "వచ్చింది" విన్న చెవి నాలుగోదాని కోసం సిద్ధంగా ఉంటుంది. అది దొరకదు. ఫిర్యాదు సరిగ్గా ఆ దొరకని చోటే ఉంది. అదే వాక్యంలో మొదటి మూడూ "రోడ్డు వచ్చింది, దీపాల ఏర్పాటు, కుళాయి వేశారు" అని ఉంటే చివరి విరుపు ఎవరికీ వినబడదు. అది నాలుగో వంకరగా కలిసిపోతుంది, దిద్దేవాడు నాలుగింటి కిందా గీతలు గీస్తాడు.